చిత్తు ప్రతి మీద ఎర్ర పెన్ను



పోయిన ఆదివారం మన సంఘం మీటింగ్ అయ్యాక ఒక అక్క మా దగ్గరికి వచ్చి, "అన్నా, వార్షికోత్సవం మలరుకు నేనొక వ్యాసం రాసినాను. మీరు ముగ్గురూ చూసి పెడతారా? కానీ ఎర్ర పెన్ను మాత్రం వద్దు" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు, మేమూ నవ్వాం. ఇంటికి నడిచి వస్తున్నప్పుడు మాత్రం మాకు నవ్వు రాలేదు. ఆ ఎర్ర పెన్ను సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాం.

సంఘంలో ఎవరేం రాసినా, అర్జీ అయినా, మలరుకు వ్యాసమైనా, మహజరు అయినా, ముందు మా ముగ్గురి చేతికి వస్తుంది. ముగ్గురం రిటైరైనవాళ్లం. పొద్దున్నే కాఫీ తాగి పేపర్ చదివాక వేరే పని లేనివాళ్లం. అందులో ఇద్దరం తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు ముప్పై దాటాక నేర్చుకున్నవాళ్లం. అందువల్లనో ఏమో, ఎవరైనా రాసిన కాగితం చేతికొస్తే ముందు మా కళ్లు తప్పుల మీదే పడేవి. కష్టపడి నేర్చుకున్నవాడికి ఆ గర్వం కొంచెం ఎక్కువే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన పదకొండు పేజీలు రాసి తెచ్చారు. మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. మనవాళ్ల వీధి ఎలా ఏర్పడింది, మొదట ఎన్ని ఇళ్లు ఉండేవి, ఊరబావి ఎవరు తవ్వించారు, ఏ పండగకు ఎవరింటి నుంచి ఏం వచ్చేది, అన్నీ అందులో ఉన్నాయి. మేం ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాం. వారం తరువాత ఆయనకు తిరిగిచ్చాం. ఆయన మొదటి పేజీ చూసి, రెండోది చూసి, మడిచి జేబులో పెట్టుకుని "సరే సామీ" అన్నారు. అంతే. తరువాత అడిగితే "రాస్తాను, రాస్తాను" అనేవారు. మరుసటి ఏడాది ఆయన పోయారు. పదో రోజున వెళ్లినప్పుడు ఆ కాగితాలు అడిగితే, "అవి తప్పులని చెప్పి పాత పేపర్లతో వేసేసినాడు గదా" అన్నారు ఆయన భార్య.

మా దగ్గర ఆ పేజీలకు ఒక జెరాక్స్ ఉంది. మసక జెరాక్స్, నాలుగు పేజీలు మాత్రమే. ఆ తరువాత దాన్ని ముందు పెట్టుకుని మా గుర్తులు మేమే లెక్కపెట్టాం. నాలుగు పేజీల్లో 64 గుర్తులు. వాటిలో 51 ఒత్తులూ, బ-భ, ద-ధ, గ-ఘ తేడాలూ. తమిళంలో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఆ బడిలో చదివినవాడు "భాష"ను "బాష" అని రాయడం అజాగ్రత్త కాదు, వాడికి బడి ఇచ్చిన చెవి అది. మాకే ఇప్పటికీ "ధర్మం" రాసేటప్పుడు చెయ్యి ఒకసారి ఆగుతుంది. మిగిలిన 13 గుర్తుల్లో ఎక్కువ భాగం ఆయన మాట తీసి మా మాట పెట్టినవి. ఆయన "పొద్దు గూకినాక" అని రాస్తే కొట్టేసి "సూర్యాస్తమయం తరువాత" అని రాశాం. ఏం బాగుపడిందో ఇప్పుడు చూస్తే మాకే తెలియడం లేదు.

అసలు అడగవలసింది ఒక్కటీ అడగలేదు. బావి తవ్విన ఏడాది ఏది? మూడో పేజీలో "ఆ ఇద్దరన్నదమ్ములు" అన్నారే, వాళ్ల పేర్లేమిటి? ఆ 64 గుర్తుల్లో ఒక్కటి కూడా ప్రశ్న కాదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

మాలో ఒకరు రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాళ్లు. ఆఫీసులో గుమాస్తా లెటర్ డ్రాఫ్ట్ పెట్టేటప్పుడు కాగితానికి ఎడమ పక్క సగం ఖాళీగా వదిలేవాళ్లు. పై అధికారి దిద్దడానికి ఆ జాగా. ఒక అధికారి ఆ జాగాలో "రీడ్రాఫ్ట్" అని ఒకటే మాట రాసి పంపేవారు. ఏది బాగాలేదో తెలియదు. గుమాస్తా నాలుగు మాటలు అటూ ఇటూ మార్చి మళ్లీ పెడతాడు, అది మళ్లీ తిరిగొస్తుంది. ఒక్క లెటర్ నాలుగుసార్లు తిరిగిన రోజులున్నాయి. ఇంకొక అధికారి వచ్చారు. ఆయన అదే జాగాలో "ఏ రూలు ప్రకారం?", "ఏ తేదీ నుంచి?", "వీళ్లు ఏం చెయ్యాలని మనం అడుగుతున్నాం?" అని రాసేవారు. రెండోసారికే లెటర్ కుదిరేది. గుమాస్తా అదే గుమాస్తా, కాగితం అదే కాగితం. మొదటాయన తీర్పు రాశారు, రెండో ఆయన ప్రశ్న రాశారు. ప్రశ్నకు జవాబు వెతకవచ్చు. తీర్పుకు తల వంచడం తప్ప చేసేదేముంది?

ఆ అధికారికి ఇంకొక అలవాటు ఉండేది. కొన్ని డ్రాఫ్టుల మీద ఏమీ దిద్దకుండా "వచ్చి మాట్లాడండి" అని మాత్రం రాసేవారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతోంది. ఆ సంగతి తరువాత చెబుతాం.

ఇక మొన్నటి అర్జీ సంగతి. మన సభ్యుల్లో ఒక తమ్ముడు నూనె కొట్టు నడుపుతాడు. వాళ్ల అన్న కూతురు చదివే బడిలో తెలుగు అయ్యవారు రిటైరయ్యారు, ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. మన తరఫున జిల్లా ముఖ్య విద్యాధికారికి అర్జీ రాయాలని అనుకున్నప్పుడు, తానే రాస్తానని ముందుకు వచ్చాడు. ఇంతకుముందు కొట్టు బాకీల చిట్టా తప్ప తెలుగులో ఏమీ రాసినవాడు కాడు. పది రోజులకు మూడున్నర పేజీలు తెచ్చాడు.

చదివాం. మొదటి పేజీ మొత్తం నాయక రాజులు, తిరుమల నాయకుడి మహలు, తిరువయ్యారులో త్యాగరాజస్వామి తెలుగులో కీర్తనలు కట్టడం. రెండో పేజీ పాత అయ్యవారి గొప్పతనం. మూడో పేజీలో బడి పెద్ద మీద పేరు పెట్టి ఒక నింద. ఆ తరువాత రాజ్యాంగం 350ఎ ప్రకారం పదో తరగతి దాకా తెలుగు చెప్పించడం సర్కారు బాధ్యత అని ఒక వాక్యం. "కావున తెలుగు ఉపాధ్యాయుణ్ణి నియమించవలెను" అన్న అసలు కోరిక నాలుగో పేజీలో, సంతకానికి పైన. ఒత్తుల తప్పులు లెక్కలేదు. చెయ్యి ఎర్ర పెన్ను వైపు వెళ్లింది, నిజమే చెబుతున్నాం.

ఈసారి పెన్ను ముట్టుకోలేదు. ముందు తమ్ముడికి ఫోన్ చేసి రెండు విషయాలు అడిగాం. ఇది ఎప్పుడు ఇవ్వాలి? మేం ఎంత మాత్రం చూడాలని నీ కోరిక? రేపే ఇవ్వాలంటే కాగితాన్ని ముంచే తప్పు ఒక్కటి చెప్పాలి గాని ఏడు చెబితే వాడు ఏమీ చేయలేడు. వాడు "ఇంకా మూడు వారాలుంది అన్నా. ఆఫీసులో పక్కన పడేయకుండా ఉండాలి, అంతే" అన్నాడు. ఆ మాటే మాకు కొలబద్ద అయింది. పక్కన పడేయడానికి కారణమయ్యేవి చెప్పాలి, మిగతావి వదిలేయాలి.

ముగ్గురం వేరువేరుగా చదివి గుర్తు పెట్టుకున్నవి కలిపితే పంతొమ్మిది వచ్చాయి. రెండింటిలో మాలో మాకే గొడవ. ఒకరు పాత అయ్యవారి పేజీ ఉండాలంటారు, ఒకరు తీసేయాలంటారు. ఈ గొడవ రాసినవాడి దాకా పోకూడదు. ముగ్గురు మూడు రకాలుగా చెబితే వాడు ఎవరి మాట వినాలి? అందుకని కూర్చుని, ఆ కొలబద్దతో పంతొమ్మిదిని మూడుకు తెచ్చాం. అర్జీ మీద ఏమీ గీయకుండా వేరే కాగితం మీద రాసి, గ్రూపులో పెట్టకుండా కవరులో పెట్టి వాడి చేతికే ఇచ్చాం. అది ఇది:

"తమ్ముడికి, నీ అర్జీ ముగ్గురం రెండేసి సార్లు చదివినాము. మాకు అర్థమైంది ఇది: బడిలో తెలుగు అయ్యవారి పోస్టు ఖాళీగా ఉంది, పిల్లలకు పాఠం లేదు, ఆ పోస్టు నింపమని అడుగుతున్నావు. ఇది సరి కాకపోతే కింది మాటలు వదిలేసి ముందు మాకు ఫోన్ చెయ్యి.

ఒకటి. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. తెలుగు పీరియడ్‌లో పిల్లలను వరండాలో కూర్చోబెడుతున్నారు, మా అన్న కూతురు అక్కడ లెక్కల హోంవర్కు చేసుకుంటుంది అని. ముగ్గురమూ అక్కడ ఆగినాము. అధికారి కూడా అక్కడే ఆగుతాడు. దాన్ని మొదటి పేజీకి తేగలవా?

రెండు. ఏ బడి, ఏ పోస్టు, ఎప్పటి నుంచి ఖాళీ, ఎంతమంది పిల్లలు, ఈ నాలుగూ మొదటి నాలుగు వరుసల్లో ఉంటే, ఈ కాగితం ఏ సెక్షనుకు పోవాలో టప్పాలు విప్పే గుమాస్తాకే తెలిసిపోతుంది. నువ్వు 'చాలా కాలంగా', 'చాలామంది పిల్లలు' అని రాసినావు. ఏ నెల నుంచి? ఒక్కో తరగతిలో ఎంతమంది?

మూడు. 350ఎలో ఉన్నది ప్రాథమిక దశ గురించి. మన పిల్లలు 6 నుంచి 10 దాకా. ఈ ఒక్క వాక్యం పట్టుకుని అర్జీ మొత్తం తిప్పి పంపే వీలుంది. తీసేసినా మనం అడిగేది తగ్గదు, ఎందుకంటే మనం కొత్త హక్కు అడగడం లేదు, ఉన్న పోస్టు నింపమంటున్నాం.

నాయక రాజుల పేజీ చదివి ఈ అధికారి ఏం చేయాలని నీ ఆలోచన? ఆ జవాబు మాకు రాయి. ఒత్తులూ అక్షరాలూ ఇప్పుడు చూసుకోవద్దు. ఆఖరి ప్రతి అయ్యాక మేమే చూస్తాం, అవి మాకూ తప్పేవే. ఈ మూడింటిలో నీకు సరి కాదనిపించింది వదిలెయ్యి, ఎందుకో మాత్రం చెప్పు."

ఇంతే రాశాం. దీన్ని రాయడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఎర్ర పెన్నుతో దిద్దడానికి ముప్పావు గంట చాలు.

ఇందులో మెచ్చుకోలు ఎక్కడుంది అని అడగవచ్చు. "చాలా బాగా రాసినావు తమ్ముడూ" అని మొదలుపెట్టి "కానీ" అని తిప్పితే, చదివేవాడు ఆ "కానీ" కోసమే ఎదురు చూస్తాడు. పైన పెట్టిన పొగడ్త లంచంలాగా ఉంటుంది. వరండా వాక్యం దగ్గర ముగ్గురమూ ఆగామని రాశామే, అదే మెచ్చుకోలు. ఏది పనిచేసిందో, ఎక్కడ పనిచేసిందో వాడికి తెలిసింది. ఇలాంటిది ఇంకొకటి రాయవచ్చునని కూడా తెలిసింది. మొదట్లో "మాకు అర్థమైంది ఇది" అని రాయడమూ అందుకే. తన కాగితం నిజంగా చదివారని వాడికి నమ్మకం కలుగుతుంది. పైగా మేం తప్పుగా అర్థం చేసుకుని ఉంటే ఆ తప్పు అక్కడే బయటపడుతుంది.

బడి పెద్ద మీద నింద గురించి ఆ కాగితంలో మేం ఒక్క మాట రాయలేదు. మరిచిపోలేదు. అదే "వచ్చి మాట్లాడండి" సంగతి. కాగితం మీద రాసింది మనిషి ఒంటరిగా చదువుతాడు, మన గొంతు వినబడదు. "ఈ నింద తీసెయ్యి" అని రాస్తే "నీకు బుద్ధి లేదు" అన్నట్టు వినిపించవచ్చు. పైగా కాగితం ఎక్కడికైనా పోతుంది, ఎవరైనా ఫోటో తీస్తారు. అందుకని ఒక సాయంత్రం కొట్టు దగ్గరికి వెళ్లి టీ తాగుతూ అడిగాం. వాడి కోపానికి కారణం ఉంది. పాప గురించి అడగడానికి వెళితే నిలబెట్టి మాట్లాడారట. అరగంట విన్నాం. మేం ఏమీ చెప్పకముందే వాడే అన్నాడు: "అది నా కోపం అన్నా, పిల్లల అర్జీలో ఎందుకు? తీసేస్తాను."

వారం తరువాత రెండో ప్రతి వచ్చింది. పేజీన్నర. మొదటి వరుసలోనే బడి పేరు, పోస్టు. పద్నాలుగు నెలలుగా ఖాళీ. 6 నుంచి 10 దాకా వరుసగా 7, 6, 5, 5, 4, మొత్తం 27 మంది పిల్లలు. ఆ కింద వరండా. 350ఎ వాక్యం లేదు. నాయక రాజుల పేజీకి మాత్రం వాడు ఎదురు చెప్పాడు. "మేం నిన్న మొన్న వచ్చినవాళ్లం కాదని ఆ అధికారికి తెలియాలి అన్నా. అది లేకుండా నేను సంతకం పెట్టను" అని చీటీ రాసి జత చేశాడు. పేజీ మొత్తం మాత్రం ఒక వాక్యంగా కుదించాడు: తిరుమల నాయకుడు మదురై ఏలిన కాలం నుంచి ఈ సీమలో ఉన్నవాళ్లం, మా పిల్లలు తమిళమూ చదువుతారు, తెలుగూ చదవాలని అడుగుతున్నాం అని. మేం ముగ్గురం కలిసి రాసినా ఆ వాక్యం వచ్చేది కాదు. "తీసెయ్యి" అని రాసి ఉంటే అది పుట్టేదే కాదు.

వాడు ఎదురు చెప్పినప్పుడు మాకు సంతోషమైంది. దిద్దుబాటు సరిగ్గా అందిందని తెలిసే గుర్తు అదే. అన్నిటికీ "సరే అన్నా, మీరు చెప్పినట్టే" అని ఒప్పుకుని తిరిగి ఇచ్చాడంటే ఆ కాగితం ఇక వాడిది కాదు, మనది. ఏమీ అనకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడంటే ఇంకా చెడ్డది. మిల్లు పెద్దాయన "సరే సామీ" అన్నప్పుడే మేం గుర్తు పట్టవలసింది.

మన మాటే నెగ్గాలని పట్టు పట్టవలసిన చోటూ ఉంటుంది. 350ఎ సంగతిలో వాడు ఒప్పుకోకపోయి ఉంటే, సంఘం పేరు మీద పంపేది కనుక మేం వదిలేవాళ్లం కాదు. లెక్క తప్పు, చట్టం తప్పు, తేదీ తప్పు, వీటిలో మొహమాటం పనికిరాదు. అక్కడ కూడా "నీకు చట్టం తెలియదు" అని కాకుండా, దీనివల్ల అర్జీకి ఏమవుతుందో చెప్పాలి. వాక్యం ఎలా తిరగాలి, ఏ మాట వాడాలి అన్నవి రాసినవాడి ఇష్టం.

ఆఖరి ప్రతిలో ఒత్తులు పెన్సిల్‌తో దిద్ది ఇచ్చాం. 38 వచ్చాయి. అప్పుడు వాడు నవ్వుతూ చూసుకున్నాడు, ఎందుకంటే అప్పటికి అర్జీ కుదిరిపోయింది. అదే 38 మొదటి రోజు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో మాకు తెలుసు. రాజ్యాంగం 350 ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వవచ్చు. అయినా ఆఫీసులో పని తొందరగా కదలాలని తమిళ ప్రతి ఒకటి మేం రాసి జత చేశాం. తెలుగు ప్రతి పైన, తమిళ ప్రతి కింద. ఆ వరుస కూడా తమ్ముడి నిర్ణయమే.

అర్జీ ఇచ్చి ముట్టినట్టు రసీదు తెచ్చుకున్నాం. ఐదు వారాలకు పిల్లల సంతకాలతో జాబితా పంపమని లెటర్ వచ్చింది. తరగతుల లెక్క ముందే ఉంది కనుక రెండు రోజుల్లో పంపాం. పోస్టు ఇంకా నిండలేదు. ఇది రాస్తున్న రోజుకు పిల్లలు వరండాలోనే ఉన్నారు. వచ్చే నెల రిమైండర్ పెట్టాలి. దాన్ని కూడా తానే రాస్తానని తమ్ముడు చెప్పాడు. ఆ మాట మాకు రసీదు కంటే పెద్దది.

ఇక ఆ అక్క వ్యాసం. రేపు వెళ్లి తీసుకుంటాం. అక్కా, ఇది చదువుతుంటే మీకొక మాట. మీరు రాసింది మీ అమ్మమ్మ ఊరి గురించి అన్నారు. ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి వస్తాం. ఒత్తుల సంగతి ఆఖరున చూద్దాం. ముందు రెండు మూడు ప్రశ్నలు అడుగుతాం, మీకు తెలిసినంత చెప్పండి. మిల్లు పెద్దాయనను అడగకుండా పోయినవి మాకింకా గుర్తున్నాయి.

పాత వీధి గురించి, ఆ ఊరబావి గురించి, ఆ ఇద్దరన్నదమ్ముల పేర్ల గురించి ఎవరికైనా ఇంట్లో పెద్దలు చెప్పిన మాటలు గుర్తుంటే దయచేసి రాసి పంపండి. ఎలా రాసినా సరే. తమిళ లిపిలో రాసినా సరే.